పేరు ఖాళీగా ఉందా? – రైతు ఉత్పత్తిదారుల కంపెనీ నమోదుకు ముందు చూసుకోవాల్సినవి

(రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టదలచిన సభ్యుల కోసం మన సంఘం నిర్వహించిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



షేరు ధనం గురించి, డైరెక్టర్ల బాధ్యతల గురించి ఉదయం నుంచి విన్నారు. నాకు ఇచ్చిన విషయం పేరు. పేరు గురించి గంటసేపు ఏం చెబుతారని టీ దగ్గర ఒకాయన అడిగారు కూడా. కంపెనీ పెట్టాలని తీర్మానం చేసుకున్న రైతులు మొట్టమొదట ఆగిపోయేది ఇక్కడే. పేరు ఖరారు కాకపోతే నమోదు లేదు. నమోదు పత్రం రాకపోతే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఎరువుల లైసెన్సు, మార్కెట్ యార్డులో కొనుగోలు లైసెన్సు ఏదీ లేదు. ఆ పేరు మీద సంచులు ముద్రించుకుని, రెండేళ్లు వ్యాపారం చేశాక మార్చుకోమని ఉత్తర్వు వస్తే ఆ ఖర్చు సభ్యుల మీదే పడుతుంది.

మనం మాట్లాడుకునేది కంపెనీల చట్టం కింద నమోదయ్యే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గురించి. పరస్పర సహాయ సహకార చట్టం కింద పెట్టుకునే సంఘాల పేర్ల వ్యవహారం వేరు, దాన్ని ఇందులో కలపను. కంపెనీ అయితే, పంట పండించే 10 మంది కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. పేరు చివర ‘ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్’ అనే మూడు మాటలు ఉండి తీరాలని చట్టమే చెప్పింది. ఆ మూడూ మన చేతిలో లేవు. వాటికి ముందు వచ్చే మాటలే మనం ఎంచుకునేవి.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మన పేరును పరిశీలించే అధికారి మన జిల్లాలో ఉండడు, విజయవాడలోనో హైదరాబాదులోనో కూడా ఉండడు. దేశం మొత్తం మీద వచ్చే కొత్త పేర్ల అర్జీలు హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కేంద్రానికి వెళ్తాయి. అక్కడ చూసే మనిషికి తెలుగు వచ్చని మనం అనుకోకూడదు. ఆయన ముందుకు వచ్చేది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన పేరు. దాన్ని దేశమంతటా ఉన్న కంపెనీల పేర్లతో, ఎల్‌ఎల్‌పీ అనే భాగస్వామ్య సంస్థల పేర్లతో, ట్రేడ్‌మార్కుల జాబితాతో పోల్చి చూస్తారు. పక్క మండలంలో ఆ పేరు లేదు కదా అని మనం ధీమా పడితే, అది మహారాష్ట్రలోనో ఒడిశాలోనో ఉండవచ్చు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. మిర్చి పండించే ఒక పల్లెలో 10 మంది రైతులు రచ్చబండ మీద కూర్చుని పేరు వెతుకుతున్నారనుకోండి. నేను చెప్పబోయే పేర్లన్నీ పాఠం కోసం అనుకున్నవే. ఎక్కడైనా అదే పేరుతో సంస్థ ఉంటే దాని గురించి అన్న మాట కాదు.

మొదట వచ్చే పేరు ‘రైతు మిత్ర’. ఏ ఊళ్లో అడిగినా ఇదో, ఇలాంటిదో వస్తుంది. రైతు మిత్ర, రైతు నేస్తం, అన్నదాత, భూమిపుత్ర. మనకు వచ్చిన ఆలోచన మనకంటే ముందు వందమందికి వచ్చి ఉంటుంది. మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేర్లు వెతికే చోటు ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో చూస్తే ఆ పేరు ఉన్నట్టు తేలింది. అప్పుడు మనలో ఒక తెలివిగల కుర్రాడు లేచి, “వాళ్లు Rythu అని రాశారు, మనం Raithu అని రాద్దాం, స్పెల్లింగ్ వేరు కదా” అంటాడు. మన భాషలో రైతు అనే ఒక్క మాటనే Rythu, Raithu, Raitu, Rytu అని నాలుగు రకాలుగా రాస్తాం. భూమిని Bhoomi అని, Bhumi అని రాస్తాం. ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగగానే తెలుగు మాట ఇలా చీలిపోతుంది, అందుకే ఈ ఉపాయం మనవాళ్లకు సులువుగా తోస్తుంది.

కానీ నియమం ఈ దారిని మూసేసింది. 2014 నాటి కంపెనీల నమోదు నియమాలను 2019లో సవరించినప్పుడు, ఏ తేడాలు తేడాలుగా లెక్కకు రావో వరసగా రాశారు. పలికితే ఒకేలా వినిపించే వేరే స్పెల్లింగ్, కావాలని తప్పుగా రాసిన స్పెల్లింగ్, ఏకవచనాన్ని బహువచనం చేయడం, మాటల మధ్య ఖాళీ పెట్టడం లేక తీసేయడం, చుక్కలు, గీతలు, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, మాటల వరస తిప్పడం – ఇవేవీ పేరును వేరు చేయవు. ‘రైతు మిత్ర’ను ‘మిత్ర రైతు’ చేసినా అదే పేరు. చివర ప్రైవేట్, లిమిటెడ్ లాంటి తోక మాటలు వేరుగా ఉన్నంత మాత్రాన కూడా గట్టెక్కం. అంకె తగిలించి ‘రైతు మిత్ర 2’ అన్నా అంతే, అది ఒక బ్రాండులో భాగమైతే తప్ప.

ఇక్కడ చాలామంది చేసే రెండో ప్రయత్నం ఊరి పేరు తగిలించడం. ఆ కంపెనీ ఉత్త ‘రైతు మిత్ర’, మనం మన మండలం పేరు చేర్చి పెట్టుకుంటే ఎవరికి అభ్యంతరం అంటారు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పాత పేరులో ఏ ఊరి పేరూ లేనప్పుడు, దానికి ఊరి పేరు చేర్చినంత మాత్రాన కొత్త పేరు కాదని నియమం స్పష్టంగా చెబుతోంది. ఎందుకంటే చూసేవాడు దాన్ని ఆ కంపెనీ వారి మండల శాఖ అనుకుంటాడు. అలాంటి పేరే కావాలని పట్టుబడితే ఒక మార్గం ఉంది. ఆ పాత కంపెనీ బోర్డు, తమకు అభ్యంతరం లేదని తీర్మానం చేసి ఇవ్వాలి, దాన్ని అర్జీకి జతచేయాలి. పరిచయం ఉంటే అడగండి. కానీ ఇవ్వాలన్న నిర్బంధం వాళ్లకు లేదు. నకిలీ తీర్మానం పెట్టే ఆలోచన మాత్రం వద్దు. తప్పుడు సమాచారంతో పేరు తీసుకున్నారని తేలితే నమోదుకు ముందైతే పేరు రద్దుచేసి లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. నమోదయ్యాకైతే పేరు మార్చమనడం నుంచి కంపెనీని రిజిస్టరు నుంచి కొట్టేయడం దాకా వెళ్తుంది.

అనువాదం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఉన్న పేరును పూర్తిగా హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి పెట్టుకుంటే అదే పేరు కింద లెక్క. తెలుగు అనువాదం మాట నియమంలో లేదు. అయినా దాని మీద ఆధారపడమని నేను చెప్పను. మన మాటల్లో మిత్ర, కృషి, భూమి లాంటివి హిందీవాళ్లకూ తెలిసినవే.

సరే, ‘రైతు మిత్ర’ వదిలేశారు. ఆ పదిమందిలో మన సంఘం కార్యకర్త ఒకాయన ఉన్నారు. ఆయన ‘జాతీయ మిర్చి రైతుల యూనియన్’ అన్నారు, గంభీరంగా ఉంటుందని. ఇందులో రెండు గుంటలున్నాయి. కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప పేరులో వాడకూడని మాటల పట్టిక ఒకటి ఉంది. అందులో నేషనల్ ఉంది, యూనియన్ ఉంది. బోర్డు, కమిషన్, అథారిటీ, సెంట్రల్, పంచాయత్, మునిసిపల్, గవర్నర్, మినిస్టర్ కూడా ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ అనే భ్రమ జనానికి కలగకూడదన్నది దాని ఉద్దేశం. ఇది మన మంచికే. పసుపు బోర్డు అంటే ప్రభుత్వానిదని మనకు తెలుసు. రేపు ఎవరో వ్యాపారి ‘మిర్చి బోర్డు’ అని కంపెనీ పెట్టి గ్రామాల్లో కమిషన్ మీద కొనడం మొదలుపెడితే మోసపోయేది మనమే. ఇక గాంధీ, నెహ్రూ, ఛత్రపతి శివాజీ పేర్లు, ప్రధానమంత్రి పేరు 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం కింద రక్షణలో ఉన్నాయి. గాంధీ గారి పేరు మీద భక్తితో పెట్టుకుందామన్నా ముందస్తు అనుమతి లేకుండా కుదరదు.

మరొకరు ‘సహకార’ అన్న మాట చేర్చమన్నారు. పని సహకార పద్ధతిలోనే కదా నడిచేది అని. భావం నిజమే, కానీ వేరే చట్టం కింద పుట్టే సంస్థను సూచించే మాటలు కంపెనీ పేరులో ఉండకూడదు. కోఆపరేటివ్, దాని హిందీ మాట సహకారీ, ట్రస్ట్, సొసైటీ, ఎల్‌ఎల్‌పీ, ఫర్మ్ – ఇవి నియమంలో పేర్లతో సహా ఉన్నాయి. ‘సంఘం’ అన్న తెలుగు మాట ఆ పట్టికలో అక్షరాలా లేకపోయినా, సొసైటీకి మనం వాడే మాట అదే కనుక ప్రశ్న రావచ్చు. దాని కోసం గట్టిగా పట్టుబట్టాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

ఇంకొక మాట, ఇది నియమం కాదు, నా అభిప్రాయం. మన సంఘం పేరును కంపెనీ పేరులో కలపకండి. కంపెనీ అప్పు తెస్తుంది, ధర పడిపోతే నష్టపోతుంది, ఒక్కోసారి సభ్యులతో కోర్టుకు కూడా ఎక్కుతుంది. సంఘం అదే సభ్యుల పక్షాన నిలబడాల్సి వస్తుంది. రెండింటికీ ఒకే పేరుంటే ఆ రోజు ఎవరి పక్షాన ఎవరున్నారో జనానికి అర్థం కాదు.

తర్వాత ఎవరో విసిగిపోయి, “ఏదీ వద్దు, మిర్చి ప్రొడ్యూసర్ కంపెనీ అని పెట్టేద్దాం” అన్నారు. ఉత్త పంట పేరు, ఉత్త సరుకు పేరు అందరిదీ. దాన్ని ఒక్కరికి రాసివ్వరు. ఉత్త నగరం పేరో, రాష్ట్రం పేరో అయినా అంతే. పేర్లలోని మొదటి అక్షరాలు ఏరి ‘ఎస్‌.ఆర్‌.కె.’ లాంటి అర్థం తెలియని పొడి అక్షరాలు పెట్టినా అస్పష్టమని వెనక్కి పంపుతారు.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే సంగతి. ఆ ఊళ్లోనే పదేళ్ల కిందట ఒక ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టారనుకోండి. నాలుగేళ్లు నడిచి ఆగిపోయింది. ఏటా వేయాల్సిన లెక్కలు, రిటర్నులు వేయలేదు, రిజిస్ట్రారు దాన్ని రిజిస్టరు నుంచి కొట్టేశారు. ఇలాంటివి మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. పాతవాళ్లు, “మా కంపెనీ ఎలాగూ చచ్చిపోయింది, ఆ పేరే తీసుకోండి, జనానికి తెలిసిన పేరు” అంటారు. కుదరదు. అలా కొట్టేసిన కంపెనీ పేరును గెజెట్‌లో ప్రకటించిన రోజు నుంచి 20 ఏళ్లు నిండేదాకా ఇంకొకరికి ఇవ్వరు. ఆ రైతులే మళ్లీ అడిగినా, కొత్త కంపెనీగా అడిగితే అదే జవాబు. ఆ పేరే తిరిగి కావాలంటే పాత కంపెనీని మళ్లీ రిజిస్టరులోకి ఎక్కించమని ట్రైబ్యునల్‌కు వెళ్లాలి, బకాయి రిటర్నులన్నీ ఫీజులతో సహా వేయాలి. ఒక్క పేరు కోసమైతే ఆ ఖర్చు దండగ. అందుకే వెతికేటప్పుడు నడుస్తున్న కంపెనీలనే కాదు, ‘కొట్టివేత’ అని స్థితి చూపించేవాటిని కూడా చూడండి. అవి జాబితాలో కనిపిస్తాయి.

చివరికి ఆ పల్లెలో ఒక అక్క చెప్పిన పేరు ‘ఎర్రకల్లం’. మిర్చి కాయ ఆరబోసినప్పుడు కల్లమంతా ఎర్రగా పరుచుకుంటుంది కదా, అది. ఊరివాళ్లందరికీ ఒక్క క్షణంలో అర్థమైంది. మనకు కావాల్సింది ఇలాంటి మాటే. పొగడ్త మాట కాకుండా, అందరూ వాడే సంస్కృత పదం కాకుండా, ఆ నేలకు, ఆ పనికి సంబంధించిన ఇంటి మాట. ఊరి చెరువు పేరు, గుట్ట పేరు, పొలం దిక్కు పేరు ఇలాంటివి మానేసర్ జాబితాలో సాధారణంగా దొరకవు.

దాన్ని ఎలా పరీక్షించారో చూడండి. మొదట Errakallam అని కలిపి వెతికారు, తర్వాత Erra Kallam అని విడదీసి, ఆపైన Yerrakallam అని, ఒకే l పెట్టి Errakalam అని. ఎవరూ లేరు. తర్వాత ఒక్క Kallam అనే ముక్కను వెతికారు. అది ఇంటిపేరు కూడా కనుక ఆ మాటతో కంపెనీలు కనిపించాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ‘కల్లం మిర్చి’ అని పెట్టి ఉంటే వాళ్ల పేరుకు దగ్గరవుతుంది. ‘ఎర్రకల్లం’ ఒకే మాటగా, వేరే అర్థంతో ఉంది. వాదించదగ్గ తేడా ఇది, కానీ గ్యారంటీ కాదు. అర్జీలో ఆ మాటకు అర్థం రాయాలి, తెలుగులో మిర్చి ఆరబెట్టే ఎర్రటి నేల అని, ఎవరి ఇంటిపేరూ కాదని. మానేసర్‌లో చూసే మనిషికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

ఆ తర్వాత ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటు. దీన్ని చాలామంది వదిలేస్తారు, కొందరు ఆడిటర్లు కూడా. అక్కడ సరుకులను తరగతులుగా విడదీశారు. కారం పొడి, పసుపు, బియ్యం, పిండి 30వ తరగతి. వంటనూనెలు 29. ప్రాసెస్ చేయని పంట, విత్తనాలు, పచ్చి కూరగాయలు 31. మిర్చి రైతులైతే 30, 31 రెండూ చూడాలి. పలుకుబడిని బట్టి వెతికే వీలు కూడా అందులో ఉంది, అది తప్పక వాడండి. నమోదైన మార్కే కాదు, నమోదుకు అర్జీ పెట్టిన మార్కు ఉన్నా అడ్డమే, యజమాని అనుమతి పత్రం ఇస్తే తప్ప.

ట్రేడ్‌మార్కు దగ్గర మన రైతులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. చాలా కంపెనీలను మనం సొంతంగా పెట్టుకోవడం లేదు. ప్రభుత్వ పథకం కింద ఏదో సంస్థ వచ్చి, సభ్యులను చేర్పించి, కాగితాలు తనే తయారుచేస్తుంది. పేరు కూడా తనే పెడుతుంది. కొన్నిచోట్ల ఆ పేరులో మొదటి మాట ఆ సంస్థ సొంత బ్రాండు అయి ఉంటుంది. మొదట్లో అందరికీ బాగానే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ధర దగ్గరో, లెక్కల దగ్గరో మాటామాటా వస్తే, ఆ మార్కు యజమాని కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు. మన కంపెనీ నమోదైన 3 ఏళ్లలోపు ఆ హక్కు వాళ్లకు ఉంటుంది. ఫిర్యాదు నిలబడితే 3 నెలల్లో పేరు మార్చుకోమని ఉత్తర్వు వస్తుంది. మార్చుకోకపోతే ప్రభుత్వమే మార్చేస్తుంది. అప్పుడు వచ్చే పేరు ఏమిటో తెలుసా? ORDNC అనే అక్షరాలు, ఏడాది, ఒక వరస నంబరు, మన కంపెనీ నమోదు నంబరు. ఉత్తర్వు పాటించలేదు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పొడి అక్షరాలవి. 2021 సెప్టెంబరు నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. మిర్చి బస్తా మీద ఆ పేరు ముద్రించుకుని ఏ యార్డుకు తీసుకెళ్తాం? కాబట్టి పేరులోని ప్రతి మాట ఎవరిదో కాగితాల మీద సంతకం పెట్టకముందే అడగండి. సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.

మనంతట మనమే తర్వాత పేరు మార్చుకోవచ్చా అంటే మార్చుకోవచ్చు. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం, మళ్లీ పేరు అర్జీ, ఫీజులు, ప్రభుత్వ ఆమోదం కావాలి. పైగా బోర్డు మీద, బిల్లుల మీద, లెటర్ కాగితాల మీద కొత్త పేరుతో పాటు పాత పేరు కూడా 2 ఏళ్లు రాయాలి. బ్యాంకు నుంచి ఆహార భద్రత లైసెన్సు దాకా అన్నీ మార్పించుకోవాలి.

అర్జీ సంగతి క్లుప్తంగా చెబుతాను. SPICe+ అనే ఫారంలో మొదటి భాగం పేరు కోసమే. ఫీజు 1,000 రూపాయలు. ఇష్టమైన వరసలో రెండు పేర్లు ఇవ్వవచ్చు. రెండో పేరును మొదటిదానికి నకలుగా ఇవ్వకండి. ‘ఎర్రకల్లం’ మొదటిదైతే, ‘ఎర్రకల్లం మిర్చి’ రెండోదైతే, ఒకటి పోతే రెండూ పోతాయి. మా ఉదాహరణలోని ఊరివాళ్లు రెండో పేరుగా తమ చెరువు పేరు ఇచ్చారు. అభ్యంతరం వస్తే సరిదిద్ది తిరిగి పంపడానికి 15 రోజులు గడువు ఇస్తారు. అప్పటికీ కుదరకపోతే కొత్త అర్జీ, మళ్లీ 1,000. పేరులో మిర్చి, ఆయిల్స్ లాంటి పని మాట ఉంటే కంపెనీ ఉద్దేశాల్లో కూడా ఆ పని రాసి ఉండేలా చూడండి.

పేరు ఆమోదం వచ్చాక 20 రోజులే అది మన పేరున ఉంటుంది. ఆలోగా నమోదు అర్జీ పడాలి. పదిమంది సంతకాలు, ఆధార్‌లో ఒక పేరు పాన్‌లో ఒక పేరు ఉన్న డైరెక్టర్లు, ఆఫీసు గది ఇచ్చిన ఇంటాయన కరెంటు బిల్లు – ఇవన్నీ తేల్చేసరికి 20 రోజులు ఇట్టే అయిపోతాయి. గడువు తీరకముందే 1,000 కడితే 40 రోజుల దాకా, మొత్తం 3,000 కడితే 60 రోజుల దాకా పొడిగిస్తారు. అంతకన్నా కాగితాలు ముందు సిద్ధం చేసుకుని, పేరు అర్జీ ఆఖరున పెట్టడం మేలు.

కంపెనీ నమోదైనంత మాత్రాన ఆ పేరు బ్రాండుగా మనది అయిపోదు. కారం పొడి ప్యాకెట్ మీద ‘ఎర్రకల్లం’ అని రాసి అమ్మాలనుకుంటే ట్రేడ్‌మార్కు అర్జీ వేరుగా పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 9,000 రూపాయలు, చిన్న పరిశ్రమగా నమోదు పత్రం ఉంటే 4,500. ప్యాకెట్ అమ్మే ఆలోచన లేనివాళ్లు దీనికి ఇప్పుడే తొందరపడక్కర్లేదు.

భోజనం తర్వాత కంప్యూటరు పెడుతున్నాం. ఒక్కో ఊరి నుంచి మూడేసి పేర్లు, ఒక్కో పేరును మీరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయగలరో అన్ని రకాలుగా కాగితం మీద రాసుకుని రండి. అవన్నీ ఇక్కడే వెతుకుదాం.